పాత క్లయింట్లకి ఫీజు పెంచుతున్నామని లెటర్ ఎలా రాయాలి? (అకౌంట్స్, జీఎస్టీ ఆఫీసు వాళ్ళకి)

ప్రశ్న: "సార్, నాది చిన్న అకౌంట్స్ ఆఫీసు, జీఎస్టీ రిటర్న్స్ వేస్తాం. 34 మంది క్లయింట్లు, చాలామంది మొదట్నుంచీ ఉన్నవాళ్ళే. 2019 నుంచి నెలకి 1,000, 1,200 దగ్గరే ఆగిపోయాను. వచ్చే ఏప్రిల్ నుంచి పెంచక తప్పదు. లెటర్ ఎలా రాయాలి, ఎన్నాళ్ళ ముందు ఇవ్వాలి? ఒక్కరు కూడా బాధపడి వెళ్ళిపోకూడదు."

నేను 2008 నుంచి ఇదే పనిలో ఉన్నా, భీమవరంలో, వ్యాట్ రోజుల్నుంచి. ఫీజు పెంచడం ఒకసారి తప్పుగా చేశా, ఒకసారి సరిగ్గా చేశా, రెండూ చెప్తా.

తప్పు 2019లో చేశా. అప్పట్లో 800 ఉండేది, 1,200 చేద్దామనుకుని మార్చి 28న వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ పెట్టేశా, "ఖర్చులు పెరిగినందున వచ్చే నెల నుంచి ఫీజు 1,200, సహకరించగలరు" అని. ఒకే మెసేజి, 31 మందికి, మార్చి ఎండింగ్ హడావుడిలో అందరూ తలమునకలై ఉన్నప్పుడు. జూన్ లోపు నలుగురు వెళ్ళిపోయారు. అందులో ఒకాయన మందుల హోల్‌సేల్, వ్యాట్ కాలం నుంచి నా దగ్గరే ఉన్నారు, ఆయనకి 400 ఒక లెక్క కాదు. ఫైళ్ళు తీసుకోడానికి వచ్చినప్పుడు అన్నారు, "నువ్వు షాపుకొచ్చి చెప్పుంటే ఇచ్చేవాణ్ణి కదయ్యా, ఫోన్‌లో అందరితో పాటు నాకూ కొట్టేశావ్" అని. ఆ మాట ఇప్పటికీ గుర్తే. నేను ఆయన్ని పోగొట్టుకుంది చెప్పిన పద్ధతి వల్ల, రేటుకి దానితో సంబంధం లేదు.

అందుకని 2023లో మళ్ళీ పెంచాల్సొచ్చినప్పుడు ఒకటి నిర్ణయించుకున్నా, లెటర్‌లో రాసే కారణం ఆ క్లయింట్ ఫైల్లోంచే రావాలి. "ఖర్చులు పెరిగాయి" అనేది మన ఇంటి సంగతి. అద్దె పెరిగింది, కుర్రాడి జీతం పెరిగింది అంటే అవతల వాళ్ళకీ అవే పెరిగాయి, వాళ్ళూ అదే మాట మనకి తిప్పి చెప్తారు. అదే "మీ పని ఇంత ఉండేది, ఇప్పుడు ఇంత అయింది, అందులో మేం మీకు ఇది చేశాం" అంటే ఆయన లెడ్జర్ ఆయన ముందు పెట్టినట్టే, దాని మీద వాదన ఉండదు.

పని నిజంగానే పెరిగింది కూడా, మనలో చాలామందిమి అది క్లయింటుకి ఒక్కసారైనా చెప్పలేదు. 2019 అక్టోబరు దాకా సప్లయర్ తన బిల్లు ఎక్కించాడా లేదా అన్నది చూడకుండానే చేతిలో బిల్లు ఉంటే క్రెడిట్ తీసుకునేవాళ్ళం. తర్వాత ఎక్కనివాటికి 20 శాతం దాకానే అన్నారు, 2020లో 10, 2021లో 5, ఆఖరికి 2022 జనవరి నుంచి 2బీలో కనపడిన బిల్లుకే క్రెడిట్ అన్నారు. అంటే ప్రతి నెలా 14న 2బీ రాగానే కొనుగోలు బిల్లులన్నీ ఒక్కొక్కటి దాంతో సరిచూసి, రానివాటికి సప్లయర్లకి ఫోన్లు చేసి, వాళ్ళ అకౌంటెంట్ నంబరు పట్టుకుని, "మా పార్టీ బిల్లు బీటుబీలో కాకుండా బీటుసీలో పెట్టేశారండీ, సరిచేయండి" అని బతిమాలుకోవాలి. ఈ పని 2018లో లేదు. ఇప్పుడు దానికి తోడు 2024 అక్టోబరు నుంచి పోర్టల్లో ఐఎంఎస్ వచ్చింది, బిల్లు యాక్సెప్ట్ చేయాలా పెండింగ్ పెట్టాలా అన్నదీ మనమే చూడాలి, మొన్న 2025 సెప్టెంబరు 22న రేట్లు మారినప్పుడు ఐటమ్ మాస్టర్లన్నీ మార్చిందీ మనమే. మీ లెటర్‌కి అసలు సరుకు ఇదంతా.

ఇక లెక్క. మీరు కొత్త ఫీజు ఎంత పెట్టాలో అంచనా మీద పెట్టకండి. నేను 2022 నవంబరు, డిసెంబరు రెండు నెలలు మా ఇద్దరు అసిస్టెంట్లతో ఒక నోటుబుక్కు పెట్టించా, ఏ పార్టీ మీద ఎన్ని గంటలు కూర్చున్నారో రోజూ సాయంత్రం రాయమని. ఆఫీసు ఖర్చు అప్పట్లో ఇద్దరి జీతాలు 30,000, అద్దె 9,000, కరెంటు, నెట్, సాఫ్ట్‌వేర్ కలిపి 5,000, నా ఇంటికి 40,000, మొత్తం 84,000. ఇద్దరికీ కలిపి నెలకి 400 గంటలు ఉంటాయి గానీ ఫోన్లు, బ్యాంకు పని, పోర్టల్ తెరుచుకోని రోజులు తీసేస్తే పార్టీల మీద నిజంగా పెట్టేది 300 గంటలే. 84,000ని 300తో భాగిస్తే గంటకి 280. అంతే, ఇంతకన్నా పెద్ద లెక్క అక్కర్లేదు.

ఒక పార్టీ సంగతి చెప్తా. సిమెంటు, ఐరన్ షాపు ఒకటి. 2019లో నెలకి 45 కొనుగోలు బిల్లులు, మూడు గంటల్లో అయిపోయేది, 1,200 ఇచ్చేవారు. 2022 చివరికి 130 బిల్లులు, నోటుబుక్కు ప్రకారం ఏడున్నర గంటలు. 280 చొప్పున 2,100. అంటే ఆ షాపు పని నేను నెలకి 900 సొంత డబ్బు వేసుకుని చేస్తున్నా. ఇంకో పక్క ఒక జిరాక్స్ షాపు ఆయనకి గంటన్నరే పడుతోంది, 800 ఇస్తున్నారు, ఆయన దగ్గర పెంచాల్సింది ఏమీ లేదు. ఇక్కడే అందరికీ ఒకటే శాతం పెంచేస్తే తప్పు జరుగుతుంది. జిరాక్స్ ఆయన అన్యాయం అనుకుంటాడు, సిమెంటు షాపు దగ్గర నష్టం అలాగే ఉంటుంది. మా 33 మందిలో 12 మందికి అసలు పెంచలేదు, వాళ్ళకీ లెటర్ ఇచ్చాం, "మీ పని అంతే ఉంది, మీ ఫీజు మార్చట్లేదు" అని. ఊర్లో ఒకళ్ళకొకళ్ళు తెలిసినవాళ్ళే కదా, మాట్లాడుకున్నప్పుడు ఆ 12 లెటర్లు మిగతా 21 మందికి నమ్మకం కలిగించాయి.

1,200 నుంచి ఒక్కసారిగా 2,000 అంటే ఎవరికైనా గుండె ఆగుతుంది. పెంపు పాతికో ముప్పయ్యో శాతం లోపయితే ఒకేసారి చేసేయండి. అంతకు మించితే రెండు మెట్లు చేయండి, కానీ రెండు మెట్లూ ఒకే లెటర్‌లో తారీకులతో సహా చెప్పండి. మొదటిది చెప్పి ఆర్నెల్లకి రెండోది తీసుకెళ్తే ఇక వీడికి అంతు లేదు అనుకుంటారు.

టైము గురించి. చాలామంది నెల ముందు చెప్తే చాలంటారు, మన పనిలో చాలదు. ఎందుకంటే ఫీజు వద్దనుకునే క్లయింటుకి పని తగ్గించుకునే దారి ఒకటుంది, దానికి తారీకులున్నాయి. 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవాళ్ళు నెలనెలా కాకుండా మూడు నెలలకోసారి రిటర్న్ వేసే క్యూఆర్ఎంపీకి మారొచ్చు, ఏప్రిల్ క్వార్టర్‌కి మారాలంటే ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 లోపు పోర్టల్లో ఎంచుకోవాలి. కాంపోజిషన్‌కి వెళ్ళాలనుకుంటే మార్చి 31 లోపే సీఎంపీ-02 పెట్టేయాలి, ఆ తారీకు దాటితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. మీరు మార్చి ఆఖర్లో లెటరిస్తే ఈ దారులు ఆయన ఆలోచించుకునేలోపే మూసుకుపోతాయి, అప్పుడు ఆయనకి మిగిలేది రెండే, కట్టడమో వెళ్ళిపోవడమో. అందుకే సంక్రాంతి అయ్యి, జనవరి 20 త్రీబీలు వేసేసి, ఆ వారంలోనే మొదలుపెట్టాలి. నేను 2023లో జనవరి 23 సోమవారం మొదలుపెట్టి ఫిబ్రవరి 4 కల్లా అందరి షాపులకీ వెళ్ళొచ్చా, రోజుకి ఇద్దరు ముగ్గురు, మధ్యాహ్నం రెండింటికి, బేరాలు తక్కువగా ఉండే టైములో.

క్యూఆర్ఎంపీ గురించి ఒక జాగ్రత్త. మీ క్లయింట్ దగ్గర కొనేవాళ్ళు నెలనెలా క్రెడిట్ కావాలనేవాళ్ళయితే మొదటి రెండు నెలలు 13వ తారీకు లోపు ఐఎఫ్ఎఫ్‌లో బిల్లులు ఎక్కించాలి, పన్ను కూడా ఆ రెండు నెలలు 25 లోపు కట్టాలి. అంటే పని తగ్గుతుంది గానీ పోదు. మూడో వంతు ఫీజు అని మాటిచ్చేయకండి, మళ్ళీ మీరే ఇరుక్కుంటారు.

వెళ్ళే ముందు ఇంకో పని చేయండి, ఇది ఎవరూ చెప్పరు. మనలో చాలామంది రిజిస్ట్రేషన్ అప్పుడు ఓటీపీల సౌకర్యం కోసం పోర్టల్లో మన మొబైల్ నంబరే, మన మెయిలే పెట్టేశాం. ఫీజు పెంచే లెటర్ ఇచ్చాక క్లయింటుకి ఆ సంగతి తెలిస్తే "నన్ను కట్టేసి రేటు పెంచుతున్నాడు" అనుకుంటాడు, అనుకోవడంలో తప్పు లేదు. నేను డిసెంబర్లోనే అందరివీ మార్చేశా, వాళ్ళ నంబరు, వాళ్ళ మెయిల్ పెట్టించి, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసిచ్చా. ఓటీపీ కోసం మనం ఫోన్ చేయాల్సొస్తుంది, కొంచెం ఇబ్బందే, కానీ ఆయన ఎప్పుడైనా వెళ్ళగలిగేలా ఉండి కూడా మన దగ్గర ఉన్నాడంటే అదే అసలు సంబంధం.

ముందు నోటితో చెప్పాలి, కూర్చుని, రెండు నిమిషాల్లో, తర్వాత లెటర్ చేతికివ్వాలి, అదే సాయంత్రం దాన్నే వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా పెట్టాలి. లెటర్ ఎందుకంటే ఆయన ఇంట్లో తమ్ముడితోనో అబ్బాయితోనో మాట్లాడేటప్పుడు మీరు పక్కన ఉండరు, కాగితమే మాట్లాడాలి. సిమెంటు షాపు ఆయనకి ఇచ్చిన లెటర్ ఇది, పేర్లు తీసేసి పెడుతున్నా:

"శ్రీ … గారికి నమస్కారం.

మీ షాపు లెక్కలు మేం చూడటం మొదలుపెట్టి ఈ ఏప్రిల్‌కి తొమ్మిదేళ్ళు. మీ నెలవారీ ఫీజు 2019 నుంచి 1,200 రూపాయలుగా ఉంది. 2023 ఏప్రిల్ నెల లెక్కల నుంచి 1,600, 2023 అక్టోబరు నెల లెక్కల నుంచి 2,000 చేస్తున్నాం. ఏప్రిల్ నెల లెక్కలంటే మేం మే నెలలో ఫైల్ చేసేవి. మార్చి నెల రిటర్న్ ఏప్రిల్‌లో వేసినా దానికి పాత ఫీజే.

2019లో మీకు నెలకి సుమారు 45 కొనుగోలు బిల్లులు వచ్చేవి, ఇప్పుడు 130 వస్తున్నాయి. 2022 జనవరి నుంచి ప్రతి బిల్లూ 2బీతో సరిచూడాల్సి వస్తోంది. 2022లో మీ సప్లయర్లు ఎక్కించని 14 బిల్లులు మేం ఫోన్లు చేసి ఎక్కించాం, వాటి మీద మీకు వచ్చిన క్రెడిట్ 61,400 రూపాయలు. ఆ బిల్లుల జాబితా ఈ లెటర్ వెనక జతచేశాం.

ఈ ఫీజులోనే జీఎస్టీఆర్-1, 3బీ, 2బీ సరిచూడటం, నెల చివర పార్టీల బ్యాలెన్సుల కాగితం ఉంటాయి. వార్షిక రిటర్న్, ఇన్‌కంటాక్స్ ఫీజులు ఇదివరకటి లాగే వేరు, వాటిలో మార్పు లేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఈ జనవరి నుంచే కొత్త ఫీజు తీసుకుంటున్నాం. మీకు ఏప్రిల్ దాకా పాతదే. 2025 ఏప్రిల్ లోపు మళ్ళీ మార్చం.

ఫీజు భారం అనిపిస్తే మూడు నెలల రిటర్న్ పద్ధతికి మారే వీలుంది, దానికి ఫీజు 1,300 అవుతుంది. అది కావాలంటే మార్చి 15 లోపు చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం. ఏ సందేహమున్నా నాకే ఫోన్ చేయండి."

కింద సంతకం, నంబరు. అంతే, ఒక పేజీ దాటలేదు.

ఇందులో ఒక వాక్యం మీద ఆగుతా, "ఏప్రిల్ నెల లెక్కలంటే మేలో ఫైల్ చేసేవి" అన్నది. మన పనిలో గొడవలు ఎక్కువ ఇక్కడే మొదలవుతాయి. "ఏప్రిల్ నుంచి" అని మీరు రాస్తే మీ ఉద్దేశం ఏప్రిల్ లెక్కలు, ఆయనేమో ఏప్రిల్లో మీరడిగే డబ్బు అనుకుంటాడు, అది మార్చి రిటర్న్‌ది. ఒక నెల తేడా, 400 రూపాయలు, దాని కోసం తొమ్మిదేళ్ళ మనిషితో ఫోన్‌లో వాదించాల్సొస్తుంది. రాసే ముందే తేల్చేయండి.

14 బిల్లుల జాబితా జతచేయడం కూడా ఊరికే కాదు. ఆయన లెటర్ సగం చదివి పక్కన పెట్టి ఆ జాబితా తీసుకుని ఒక్కొక్క సప్లయర్ పేరూ చదివారు, ఒక పేరు దగ్గర ఆగి "వీడు కూడానా" అన్నారు, ఇంకో పేరు దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. రెండు వేల సంగతి ఆ తర్వాత ఎత్తలేదు. మీ దగ్గర ఇలాంటి లెక్క రాసి లేకపోతే ఇప్పట్నుంచి రాయడం మొదలుపెట్టండి, పార్టీవారీగా, ఏ బిల్లు, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశాం, ఎప్పుడు ఎక్కింది. లేని అంకె మాత్రం వేయకండి, క్లయింట్లు మనకన్నా బాగా గుర్తుపెట్టుకుంటారు.

క్షమాపణ రాయకండి లెటర్‌లో. "అన్యథా భావించవద్దు", "తప్పనిసరి పరిస్థితుల్లో" లాంటివి చూడగానే అవతలివాళ్ళకి బేరం ఆడొచ్చు అనిపిస్తుంది. బేరం ఆడితే ఏం చేయాలంటే, ఫీజు తగ్గించకండి, పని తగ్గించండి. "1,600కే ఉంచండి" అంటే "సరేనండీ, అయితే కొనుగోలు బిల్లులు మీ అబ్బాయి ఎక్సెల్‌లో ఎక్కించి పంపితే 1,600కి చేస్తాం" అనండి. మా దగ్గర ఇద్దరు అలాగే ఉన్నారు, వాళ్ళకీ మాకూ బానే ఉంది. ఊరికే తగ్గిస్తే, మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాయన మోసపోయినట్టు.

"చూద్దాంలే" అంటే ఒప్పుకున్నట్టు కాదు. మార్చి మొదటి వారంలో ఇంకోసారి చిన్న మెసేజి పెట్టండి, అప్పుడు కూడా పేరు పెట్టి, విడివిడిగా. జవాబు రాని వాళ్ళకి మార్చి 20 త్రీబీలు అయ్యాక ఫోన్ చేయండి. మేలో కొందరు అలవాటుగా పాత 1,200 ఫోన్‌పే చేస్తారు, నూటికి తొంభై మంది మర్చిపోయే చేస్తారు. అదే రోజు "అందిందండీ, కొత్త ఫీజు ప్రకారం 400 బ్యాలెన్స్, వచ్చే నెలలో కలిపి ఇచ్చినా పర్లేదు" అని పెట్టండి. మూడు నెలలు ఊరుకుంటే ఆయన లెక్కలో మీరు ఒప్పేసుకున్నట్టే.

డబ్బు రాలేదని రిటర్న్ మాత్రం ఆపకండి. లేటు ఫీజు రోజుకి 50, పన్ను మీద 18 శాతం వడ్డీ, అవన్నీ ఆయన నెత్తిన పడతాయి, ఆయన దగ్గర కొన్నవాళ్ళ క్రెడిట్ కూడా ఆగుతుంది. అలా ఆపిన ఆఫీసు పేరు మార్కెట్లో ఒక్క రోజులో తిరుగుతుంది. పని చేయలేననుకుంటే ఫలానా నెల దాకా చేస్తాను, తర్వాత వేరే వాళ్ళని చూసుకోండి అని నెల ముందు చెప్పండి.

ఒక్కరు కూడా వెళ్ళకూడదు అన్నారు. 2023లో మా దగ్గర ఒకాయన వెళ్ళారు, 33 మందిలో. ఇద్దరు మూడు నెలల పద్ధతికి మారారు. వెళ్ళినాయనకి ట్యాలీ బ్యాకప్, ఆఖరి ఏడాది 2బీ సరిచూసిన షీట్లు, పెండింగ్ సప్లయర్ల జాబితా పెన్‌డ్రైవ్‌లో వేసి నేనే తీసుకెళ్ళిచ్చా, ఇదివరకు మందుల షాపాయన తన ఫైళ్ళు తనే మోసుకెళ్ళినట్టు ఈసారి జరగనివ్వలేదు. ఏడాదిన్నర తర్వాత ఆయన బావమరిదిని మా దగ్గరికి పంపారు, కొత్త ఫీజుకే.

ఇప్పుడే నోటుబుక్కు మొదలుపెట్టండి, రెండు నెలల లెక్క చేతికొచ్చాక ముందు మీకు బాగా దగ్గరైన ముగ్గురికి లెటర్ రాసి తీసుకెళ్ళండి. వాళ్ళు ఎక్కడ ఆగి ప్రశ్న అడుగుతారో చూసి ఆ చోటు సరిచేసుకుని మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళండి. లెటర్ రాశాక ఇక్కడ పెట్టండి, పార్టీ పేరు తీసేసి, చదివి చెప్తా.